వాషింగ్ మెషిన్ డ్రమ్ములో నీళ్లు నిలిచిపోతున్నాయి, ఫిల్టరా పైపా పంపా?

రాధిక_మియాపూర్ · శనివారం ఉదయం 9:12

అందరికీ నమస్కారం. మాది 7 కిలోల ఫ్రంట్ లోడ్ మెషిన్, కొని ఐదేళ్లు దాటింది. యుటిలిటీ బాల్కనీలో పెట్టాం. నిన్న రాత్రి బట్టలు వేసి పడుకున్నాను. పొద్దున లేచి చూస్తే తెర మీద ఏదో కోడ్ వెలుగుతోంది, తలుపు తెరుచుకోవట్లేదు, అద్దంలోంచి చూస్తే సగం డ్రమ్ము దాకా బూడిద రంగు నీళ్లు. ఆపి మళ్లీ స్పిన్ పెట్టి చూశాను. గుయ్‌మని శబ్దం వస్తోంది కానీ పైపు చివర నీళ్లు దారంలా కారుతున్నాయి, అంతే. మెకానిక్‌కి ఫోన్ చేస్తే సోమవారం దాకా రాలేనన్నాడు. లోపల పిల్లాడి స్కూల్ యూనిఫాం ఉంది. మేమే చూసుకోగలిగేది ఏమైనా ఉంటే ఏది ముందు చూడాలో చెప్పండి ప్లీజ్.

శ్రీను_హన్మకొండ · 9:30

అక్కా, టెన్షన్ పడకండి. మా ఇంట్లో కూడా సేమ్ ఇట్లనే అయింది. పైపును ఎత్తులో తగిలించినట్టున్నారు, అందుకే నీళ్లు పైకి ఎక్కలేక ఆగినయి. పైపు తీసి నేల మీద పడేయండి, అయిదు నిమిషాల్లో మొత్తం పోతయి. ఇగ ఎప్పటికీ కిందనే ఉంచండి.

తెనాలి_లక్ష్మి · 9:41

మాది కూడా నీళ్లు పోవట్లేదమ్మా. నాబ్ డ్రైన్ వైపు తిప్పినా చుక్క దిగదు. పక్కన స్పిన్ గిన్నె మాత్రం బాగానే తిరుగుతోంది. ఫిల్టర్ ఎక్కడుంటుందో ఎంత వెతికినా కనపడలేదు. మీ దాంట్లో ఎక్కడ ఉంది?

స్పానర్_బాబాయ్ · 10:05

సామర్లకోటలో ఉంటాను, ఇవే మెషిన్లు పద్నాలుగేళ్లు బాగుచేశాను. ఇప్పుడు మోకాళ్లు సహకరించక మానేశాను.

ముందు లక్ష్మి గారికి. నాబ్ ఉందన్నారు, పక్కన వేరే స్పిన్ గిన్నె అన్నారు, అంటే మీది సెమీ ఆటోమేటిక్. సాధారణంగా దానికి పంపు ఉండదు, ఈ రకం ఫిల్టరూ ఉండదు. నాబ్ తిప్పితే లోపల ఒక పట్టీయో తీగో లాగి రబ్బరు వాల్వును పైకి లేపుతుంది, నీళ్లు వాటంతట అవే దిగుతాయి. ఆ పట్టీ ఊడిపోయినా, వాల్వు కింద గుండీ లాంటిది ఇరుక్కున్నా మీరు చెప్పినట్టే అవుతుంది. అది వేరే కథ, ఇక్కడ కలిపితే ఇద్దరికీ గందరగోళం. వేరే చర్చ మొదలుపెట్టండి, అక్కడ చెబుతాను.

రాధిక గారూ, ఆ కోడ్ నీళ్లు బయటికి పోలేదని మాత్రమే చెబుతుంది. ఎందుకు పోలేదో చెప్పదు. దానికంటే మీరు చెప్పిన శబ్దమే నాకు పనికొచ్చింది. గుయ్‌మంటోంది అంటే పంపుకి కరెంటు అందుతోంది. అసలు చప్పుడే లేకపోతే మాట వేరే ఉండేది. ఇప్పుడు మూడే అనుమానాలు: ఫిల్టర్ పూడుకుపోయింది, పైపు ఎక్కడో మడత పడింది లేదా మూసుకుంది, లేదా పంపు రెక్క సరిగ్గా తిరగట్లేదు. ఫిల్టర్‌తో మొదలుపెట్టండి. ఎలాగూ లోపలి నీళ్లు తీయాల్సిందే, అవి తీసే దారి కూడా అక్కడే ఉంది.

ప్లగ్ తీసేయండి. స్విచ్ ఆపడం కాదు, ప్లగ్గే పీకేయండి. వేడినీళ్ల వాష్ పెట్టి ఉంటే చల్లారే దాకా ఆగండి. కింద కుడి మూలన చిన్న తలుపు ఉంటుంది, కొన్నింటికి ఎడమవైపు. దాన్ని తెరిస్తే ఒక పెద్ద గుండ్రటి మూత కనిపిస్తుంది, చాలా మెషిన్లలో దాని పక్కనే చిటికెన వేలంత రబ్బరు గొట్టం కూడా. ముందు ఆ గొట్టం లాగి, బిరడా తీసి, పళ్లెంలోకి నీళ్లు వదలండి. మూత మాత్రం నీళ్లుండగా తిప్పొద్దు. తిప్పితే బాల్కనీ నుంచి హాలు దాకా చెరువే. సగం డ్రమ్ము అన్నారు కాబట్టి ఒక బకెట్ నిండా ఉంటాయి, ఓపిక పట్టండి.

రాధిక_మియాపూర్ · 11:48

అయ్యింది బాబాయ్ గారూ! గొట్టం నేలకి నాలుగు వేళ్ల ఎత్తులో ఉంది, దాని కింద బకెట్ పట్టదు. కేక్ చేసే ట్రే పెట్టి, నిండగానే బిరడా పెట్టి, బకెట్లో పోసి, మళ్లీ తీసి... పద్దెనిమిది ట్రేలు లెక్కపెట్టాను. మా ఆయన పక్కన తువాలు పట్టుకుని నిలబడ్డారు.

తర్వాత మూతను గడియారం ముల్లు తిరిగే వైపుకి ఎదురుగా తిప్పాను. మొదట బిగుసుకుపోయింది, గుడ్డ చుట్టి తిప్పితే వచ్చింది. లోపల ఏముందో చూడండి: రెండు రూపాయల బిళ్ల, ఒక పిన్నీసు, నా జుట్టు ఒక పిడికెడు, వాటి మీద గంజిలా బూడిద రంగు జిగురు. వాసన చెప్పలేను. టూత్ బ్రష్‌తో రుద్ది కడిగాను. ఇక బిగించి మెషిన్ పెట్టేయొచ్చా?

స్పానర్_బాబాయ్ · 11:57

బట్టలు వేయకముందే పరీక్షించండి. మూత చుట్టూ నల్ల రబ్బరు రింగు ఉంటుంది, దాని మీద ఒక్క వెంట్రుక మిగిలినా నీళ్లు కారతాయి. తుడిచి, మూత వంకర పోకుండా మర వెంట బిగించండి. తర్వాత పౌడర్ వేసే అరలోంచి రెండు మూడు లీటర్ల నీళ్లు పోసి, మూత దగ్గర కాగితం పెట్టి చూడండి. తడవకపోతే ఖాళీ డ్రమ్ముతో స్పిన్ పెట్టండి. పైపు చివర బకెట్లో పెట్టి చూడటం మర్చిపోవద్దు. మనకి కావాల్సింది ఆ ధార ఎలా వస్తుందో.

నాగరాజు_ఎలక్ట్రికల్స్ · 12:10

ఇంత శ్రమ ఎందుకండీ. ఐదేళ్లు దాటిందంటే పంపు కాయిల్ పోయి ఉంటుంది. మల్టీమీటర్ పెట్టి పంపు రెండు పిన్నుల మధ్య ఓంలు చూడండి. 100 నుంచి 200 మధ్య చూపిస్తే బాగున్నట్టు, ఏమీ చూపించకపోతే కొత్తది వేసేయండి. నాలుగు స్క్రూల పని.

స్పానర్_బాబాయ్ · 12:22

నాగరాజు గారూ, కాయిల్ తెగితే పంపు గుయ్‌మనదు కదా! నోరే విప్పదు. ఆవిడది శబ్దం చేస్తోంది. మీరు చెప్పిన లెక్క 230 వోల్టుల మీద నేరుగా నడిచే మామూలు పంపుకి సరిపోతుంది, నేనూ అలాగే చూసేవాణ్ణి. కొత్త ఇన్వర్టర్ మోడళ్లలో కొన్నింటికి తక్కువ వోల్టేజీ డీసీ పంపు వస్తోంది, దానికి ఈ అంకె పెట్టుకుని చూస్తే మంచి పంపును కూడా చెత్తబుట్టలో వేస్తారు.

నాగరాజు_ఎలక్ట్రికల్స్ · 12:31

డీసీ పంపు సంగతి ఒప్పుకుంటాను. కానీ కాయిల్ బాగుండి కూడా అయస్కాంతం పట్టు తగ్గి పంపు బలహీనపడటం నేను చూశాను. అప్పుడు గుయ్‌మంటుంది, నీళ్లు మాత్రం ఎత్తదు.

స్పానర్_బాబాయ్ · 12:36

నేనూ చూశాను. కానీ చాలా తక్కువ. అది చివర్న చూద్దాం, ముందే కాదు.

రాధిక_మియాపూర్ · 1:20

నా వల్ల కాదు ఇక 😞 ఫిల్టర్ శుభ్రంగా ఉంది, మూత దగ్గర చుక్క కారలేదు. స్పిన్ పెడితే మళ్లీ అదే గుయ్, అదే దారం. పోసిన మూడు లీటర్లు కూడా పోలేదు. శ్రీను గారు చెప్పినట్టు పైపును వెనక క్లిప్పులోంచి ఊడదీసి నేల మీద పెట్టాను. ఆశ్చర్యం, అప్పుడు జలజలా వచ్చేశాయి! సమస్య తీరిందనుకుని యూనిఫాం వేసి పదిహేను నిమిషాల క్విక్ వాష్ పెట్టాను. గంట కావస్తోంది, ఇంకా నీళ్లు తీసుకుంటూనే ఉంది. ట్యాంకులో నీళ్లన్నీ ఇదే తాగేసేలా ఉంది. ఇదేం కొత్త రోగం?

శ్రీను_హన్మకొండ · 1:26

మాది అట్లా ఎన్నడూ కాలేదు అక్కా. కిందనే ఉంటది, మంచిగ నడుస్తది.

స్పానర్_బాబాయ్ · 1:44

ఆపేయండి, ముందు కుళాయి కట్టేయండి.

శ్రీను, నీది టాప్ లోడ్ కదూ? పైన మూత ఎత్తి బట్టలు వేసేది?

శ్రీను_హన్మకొండ · 1:47

అవును బాబాయ్. ఫుల్లీ ఆటోమేటిక్.

స్పానర్_బాబాయ్ · 2:15

అక్కడే తేడా వచ్చింది. మన దగ్గర అమ్మే టాప్ లోడ్ మెషిన్లలో చాలావాటికి నీళ్లు ఎత్తే పంపు ఉండదు. చిన్న మోటారు ఒక వాల్వును లాగుతుంది, నీళ్లు పల్లానికి పోతాయి. అందుకే వాటి పైపు నేల మీదే ఉండాలి, మధ్యలో మూరెడు ఎత్తు లేచినా నీళ్లు ఆగిపోతాయి. నువ్వు చెప్పింది నీ మెషిన్‌కి నూటికి నూరు పాళ్లు నిజం.

ఫ్రంట్ లోడ్‌కి ఇది తిరగబడుతుంది. డ్రమ్ము అడుగున వాల్వు లేదు. నీళ్లని లోపల పట్టి ఉంచేది పైపు ఎత్తు మాత్రమే. పంపు ఆగి ఉన్నప్పుడు కూడా డ్రమ్ము నుంచి పైపు దాకా దారి తెరిచే ఉంటుంది. పైపును నేల మీద పడేస్తే మెషిన్ నింపుతున్న నీళ్లు నింపుతున్నట్టే బయటికి పోతాయి. దానికి నిండినట్టు ఎప్పటికీ తెలియదు, తీసుకుంటూనే ఉంటుంది. అందుకే పైపు చివర నేల నుంచి దాదాపు రెండు అడుగుల నుంచి మూడు అడుగుల ఎత్తులో ఉండాలి. మీ మోడల్ పుస్తకంలో కచ్చితమైన ఎత్తు ఇస్తారు, అది చూసుకోండి. మరీ ఎక్కువ ఎత్తులో తగిలించినా పంపు తొయ్యలేదు.

కానీ రాధిక గారూ, ఈ పొరపాటు మనకి మేలే చేసింది. పైపు కింద పెట్టగానే నీళ్లు జలజలా వచ్చాయన్నారు. ఆ ధార ఎంత లావు ఉందో చెప్పగలరా? వేలంతా, పెన్సిలంతా?

రాధిక_మియాపూర్ · 2:24

బొటనవేలంత. బకెట్ గబగబా నిండింది. కుళాయి కట్టేశాక డ్రమ్ములో ఉన్నవి కూడా అలాగే వచ్చేశాయి.

స్పానర్_బాబాయ్ · 2:41

అయితే పైపు పరీక్ష కూడా అయిపోయినట్టే! డ్రమ్ము నుంచి ఫిల్టర్‌కి, అక్కడి నుంచి పంపు గదిలోంచి పైపులోకి, చివరి దాకా దారి బాగుంది. ఎక్కడైనా పిల్లల సాక్సు అడ్డం పడి ఉంటే, పైపు మడత పడి ఉంటే, పల్లానికి వదిలినా దారంలాగే వచ్చేవి. అప్పుడు మెషిన్‌ని ముందుకు లాగి పైపు ఊడదీసి, కుళాయి కింద పెట్టి చూడమనేవాణ్ణి. ఇప్పుడు ఆ పని లేదు.

పల్లానికైతే వస్తున్నాయి, ఎత్తుకైతే రావట్లేదు. అంటే తోసేవాడు తొయ్యట్లేదు.

మళ్లీ ప్లగ్ తీసి, మిగిలిన నీళ్లు వదిలి, ఫిల్టర్ మూత తీయండి. టార్చి వేసి ఆ రంధ్రం లోపలికి చూడండి. లోపలి గోడకి చిన్న ప్లాస్టిక్ రెక్క కనిపిస్తుంది, గ్రైండర్ బ్లేడులా. పెన్ను వెనకవైపుతోనో చెంచా కాడతోనో మెల్లగా తిప్పండి. వేలు పెట్టకండి, పిన్నీసు దొరికిన చోట ఇంకోటి ఉండొచ్చు. బాగున్న రెక్క ఫ్యాన్‌లా గిర్రున తిరగదు. టక్కు టక్కుమని ఆగి ఆగి తిరుగుతుంది, లోపల అయస్కాంతం ఉంది కాబట్టి. దాన్ని చూసి పాడైందని చాలామంది అనుకుంటారు. నిజానికి అదే మంచి గుర్తు. ఏ అడ్డూ లేకుండా గిర్రున తిరిగితే రెక్క ఇరుసు నుంచి విడిపోయినట్టు. అసలు కదలకపోతే ఏదో ఇరుక్కున్నట్టు.

రెడింగ్_రవి · 3:02

ఇంగ్లండ్ నుంచి. పై చర్చ చూసి నాది గుర్తొచ్చింది. కొత్త అద్దె ఇంట్లో ఇలాగే మొదటి వాష్‌కే నీళ్లు నిలిచిపోయాయి. నేను ఫిల్టర్ మూడుసార్లు కడిగాను. ఇక్కడ మెషిన్ పైపును వంటింటి సింకు కింద గొట్టానికి కలుపుతారు. కొత్త సింకు గొట్టంలో ఆ కలిపే చోట ప్లాస్టిక్ బిళ్ల అడ్డుగా ఉంటుంది, కలిపే ముందు దాన్ని పొడిచి తీసేయాలట. ఎవరూ తీయలేదు. బాబాయ్ గారు చెప్పిన బకెట్ పరీక్ష చేసి ఉంటే రెండు నిమిషాల్లో తేలేది.

తెనాలి_లక్ష్మి · 3:15

బాబాయ్ గారూ, వేడినీళ్లలో నిమ్మ ఉప్పు వేసి తిప్పితే అన్నీ పోతాయని మా చెల్లెలు అంటోంది. రాధిక గారికి కూడా పనికొస్తుందేమో.

స్పానర్_బాబాయ్ · 3:23

నిమ్మ ఉప్పు బోరు నీళ్ల తెల్ల పొరకి పనిచేస్తుంది. రెండు రూపాయల బిళ్లని కరిగించదమ్మా. 🙂

రాధిక_మియాపూర్ · 4:10

దొరికింది!!

టార్చి వేస్తే రెక్క కనపడింది. చెంచా కాడతో తిప్పితే పావు వంతు తిరిగి, స్ప్రింగులా వెనక్కి వచ్చేస్తోంది. ఫోన్‌తో ఫోటో తీసి పెద్దది చేసి చూశాను. రెక్క వెనకాల ఇరుసు చుట్టూ ఏదో నల్లగా. మొదట జుట్టే అనుకున్నాను. కనుబొమ్మలు తీసుకునే ప్లక్కర్‌తో కొస పట్టుకుని లాగితే సాగుతోంది కానీ తెగట్లేదు. రెక్కను వెనక్కి తిప్పుతూ లాగితే చుట్లు చుట్లుగా బయటికి వచ్చింది. చూస్తే మా చిన్నవాడి మొలతాడు! పది రోజుల కిందట స్నానం చేయిస్తుంటే తెగిపోయింది, తువాల్లో చుట్టుకుని ఉంటుంది, తువాలుతో పాటు మెషిన్‌లో పడ్డట్టుంది. మా అత్తగారు ఇల్లంతా వెతికించారు. జానెడు పొడవు తాడు, దానికి సర్ఫు జిగురు అంటుకుని తోలులా అయిపోయింది.

ఇప్పుడు రెక్క తిప్పితే టక్కు టక్కుమంటోంది, మీరు చెప్పినట్టే.

స్పానర్_బాబాయ్ · 4:18

భేష్. సన్నటి తాడు ఫిల్టర్ పళ్ల మధ్యలోంచి నిలువుగా దూరిపోతుంది. బిళ్లలూ గుండీలూ అయితే ఫిల్టర్‌లోనే ఆగుతాయి. అందుకే ఫిల్టర్ కడిగినా మీకు తేడా రాలేదు. తాడు చుట్టుకుంటే పంపు సరిగ్గా తిరగలేక మూలుగుతుంది. అలా నడిచింది కాబట్టి కాయిల్ కొంచెం వేడెక్కి ఉంటుంది. చూద్దాం.

పైపును మళ్లీ వెనక క్లిప్పులో పెట్టండి, అది మర్చిపోతే ట్యాంకు ఖాళీ. మూడు లీటర్లు పోసి స్పిన్ పెట్టి చెప్పండి.

నాగరాజు_ఎలక్ట్రికల్స్ · 4:25

మొలతాడు అని నేను ఊహించలేదు, ఒప్పుకుంటున్నాను. అయినా ఆ పంపు ఎన్నాళ్లో నిలవదు. తాడు లోపల ఒరుసుకుని ఉంటే నీళ్లు కారొచ్చు. మెషిన్ కింద పాత న్యూస్ పేపర్ పరిచి వారం రోజులు చూసుకోండి. తడి కనిపిస్తే పంపు మార్చాల్సిందే.

స్పానర్_బాబాయ్ · 4:29

ఆ మాట మంచిది. పేపర్ పరవండి.

రాధిక_మియాపూర్ · 5:02

పోయాయి! ఎత్తులో పెట్టినా బకెట్లోకి కొట్టినట్టు వచ్చాయి, మూడు లీటర్లు అర నిమిషం కూడా పట్టలేదు. చివర్లో గరగరా అని ఒక పది సెకన్లు చప్పుడు చేసింది, భయమేసింది. తర్వాత మూత తీసి చూస్తే లోపల ఇంకా ఒక గ్లాసుడు నీళ్లున్నాయి. పూర్తిగా పోనట్టేనా?

స్పానర్_బాబాయ్ · 5:11

గరగర అంటే నీళ్లు అయిపోయి పంపు గాలి పీలుస్తున్నట్టు. మంచి శబ్దమే. ఆ గ్లాసుడు ఎప్పుడూ ఉంటాయి, పంపు ఆగాక నిలువు పైపులో మిగిలినవి వెనక్కి దిగుతాయి. డ్రమ్ములో కనిపించకపోతే చాలు.

శ్రీను_హన్మకొండ · 5:20

అక్కా సారీ, నాది వేరే రకం మెషిన్ అని తెల్వక చెప్పిన. ఒక డౌట్ బాబాయ్, మా దాంట్లో వాల్వు ఉందన్నరు కదా. ఈ మధ్య వాష్ నడుస్తుండగానే పైపులోంచి కొంచెం కొంచెం నీళ్లు కారుతున్నయి. ఇది అదేనా?

స్పానర్_బాబాయ్ · 5:34

వాల్వు పూర్తిగా మూసుకోవట్లేదు అనిపిస్తోంది. రబ్బరు మీద చెత్తా, లేక లాగే మోటారు వెనక్కి వదలట్లేదా అన్నది విప్పితే గానీ చెప్పలేను.

రాధిక_మియాపూర్ · ఆదివారం ఉదయం 8:47

నిన్న రాత్రి రెండు లోడ్లు వేశాను, యూనిఫాం ఆరిపోయింది. కింద పేపర్ పొడిగానే ఉంది. సోమవారం మెకానిక్‌ని వద్దన్నాను.

ఒక్కటే మిగిలింది. ఆ మొలతాడుకి వెండి మువ్వ ఒకటి ఉండాలట, కందిగింజంత. ఫిల్టర్‌లో లేదు, రెక్క దగ్గర లేదు. మా అత్తగారు దాని గురించే అడుగుతున్నారు. స్పిన్ మొదలయ్యేటప్పుడు డ్రమ్ము లోపల ఎక్కడో సన్నగా టింగ్ టింగ్ అని రెండు మూడుసార్లు వినపడుతోంది, వేగం పెరిగాక వినపడట్లేదు.

స్పానర్_బాబాయ్ · 9:15

వాష్ డ్రమ్ముకీ బయటి తొట్టికీ మధ్య పడి ఉండొచ్చు. తలుపు దగ్గర బూడిద రంగు రబ్బరు ఉంటుంది కదా, ముందు దాని మడతలు వేలితో విప్పి చుట్టూ చూడండి. సగం వస్తువులు అక్కడే దొరుకుతాయి. అక్కడ లేకపోతే నెలకోసారి ఫిల్టర్ తీసినప్పుడల్లా చూస్తూ ఉండండి, తొట్టిలోంచి ఎప్పుడో ఒకప్పుడు కొట్టుకొస్తుంది.

రాధిక_మియాపూర్ · 9:38

రబ్బరు మడతలో ఒక హెయిర్ క్లిప్పు, రెండు వేరుశనగ గింజలు. మువ్వ లేదు.

నాగరాజు_ఎలక్ట్రికల్స్ · 9:50

శనివారం ఆ జలజలా ధారలో బయటికి పోయి ఉంటుంది. ఆ నీళ్లు ఎక్కడ పోశారు?

రాధిక_మియాపూర్ · 9:53

బాల్కనీలో తులసి కుండీలో కొన్ని, మిగతావి బాత్రూంలో. ఆగండి, కుండీ చూసి వస్తాను.